డ్రైవింగ్ ఫోకస్ మెసేజ్‌కి జవాబిస్తుంది, కాల్‌కి ఇవ్వదు

ఐఫోన్‌లో డ్రైవింగ్ ఫోకస్ ఆన్ చేసుకున్న చాలామంది ఒక నమ్మకంతో ఉంటారు. బండి నడుపుతున్నప్పుడు ఎవరు ఫోన్ చేసినా, ఎవరు మెసేజ్ పెట్టినా, "డ్రైవింగ్‌లో ఉన్నాను, తర్వాత మాట్లాడతాను" అని ఫోనే అవతలివాళ్ళకి చెప్పేస్తుందనుకుంటారు. ఇందులో సగమే నిజం. మెసేజ్ పెట్టినవాళ్ళకి జవాబు వెళ్తుంది, అది కూడా అందరికీ కాదు. కాల్ చేసినవాళ్ళకి ఏ జవాబూ వెళ్ళదు. వాళ్ళకి రింగ్ మోగుతూనే వినిపిస్తుంది, మీరు ఎత్తరు, అంతే. మీరు బండి నడుపుతున్నారో, నిద్రపోతున్నారో, కావాలనే ఎత్తడం లేదో వాళ్ళకి తెలిసే దారి ఉండదు. తేడా చిన్నదే కానీ ఇంట్లోవాళ్ళు టెన్షన్ పడేది సరిగ్గా ఇక్కడే, అందుకే ఆటో రిప్లై ఎవరికి వెళ్తుంది, ఎలా వెళ్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్న ఒక్క సంగతే పట్టుకుని చివరిదాకా చూద్దాం.

ఈ సదుపాయం కొత్తదేం కాదు. 2017లో ఐఓఎస్ 11తో "డ్రైవింగ్‌లో డిస్టర్బ్ చేయొద్దు" అనే పేరుతో వచ్చింది, 2021లో ఐఓఎస్ 15లో, పనిని బట్టి నోటిఫికేషన్లని ఆపే ఫోకస్ అనే పెద్ద గొడుగు కిందకి చేరి డ్రైవింగ్ ఫోకస్ అయింది. Settings లో Focus తెరిస్తే Driving కనిపిస్తుంది, కనిపించకపోతే పైన ఉండే + నొక్కి చేర్చుకోవాలి. లోపల మనకి కావలసినవి రెండే చోట్లు. ఒకటి ఫోకస్ ఎప్పుడు ఆన్ అవ్వాలో చెప్పేది, రెండోది Auto-Reply. జనం రెండోది పెట్టేసి మొదటిదాన్ని పట్టించుకోరు. కానీ ఫోకస్ ఆన్ అయితేనే కదా జవాబు వెళ్ళేది, కాబట్టి ముందు అదే చూద్దాం.

ఆన్ అవ్వడానికి మూడు దారులున్నాయి. Automatically పెడితే, ఫోన్ తన కదలికని, చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌ల తీరుని చూసి ఇది కారు వేగంలా ఉందే అని తనే ఊహించుకుని ఆన్ అవుతుంది. When Connected to Car Bluetooth పెడితే కారు బ్లూటూత్‌కి కలిసినప్పుడు ఆన్ అవుతుంది. Manually పెడితే మీరు కంట్రోల్ సెంటర్‌లో నొక్కితేనే. కార్‌ప్లే ఉన్న కారైతే Activate With CarPlay అని విడిగా ఇంకో స్విచ్ ఉంటుంది.

మొదటి దారిలో ఉన్న చిక్కు ఏంటంటే, అది ఊహ. మీరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నా, స్నేహితుడి కారులో వెనక సీట్లో ఉన్నా ఫోన్‌కి తేడా తెలియదు. అప్పుడు మీ ఫోన్ తీరిగ్గా అందరికీ "డ్రైవింగ్‌లో ఉన్నాను" అని జవాబులు పంపించేస్తుంది, ఆ సంగతి మీరు మెసేజెస్ యాప్ తెరిచి చూస్తేగానీ తెలియదు. ఇలాంటప్పుడు ఆపడానికే I'm Not Driving అనే ఎంపిక ఇచ్చారు, అది నొక్కితే ఫోకస్ పోతుంది. రెండోవైపు నుంచి కూడా పొరపాటు జరుగుతుంది. బండి కదిలిన వెంటనే ఆన్ అవ్వదు, కాస్త దూరం పోయి నమ్మకం కుదిరాక అవుతుంది. ఈలోపు వచ్చిన మెసేజ్ మామూలుగానే మోగుతుంది, దానికి ఏ ఆటో రిప్లైయీ పోదు.

బ్లూటూత్ దారి ఇంతకంటే నమ్మదగింది, కారుకి బ్లూటూత్ ఉంటే నేను ఎవరికైనా అదే చెప్తాను. కారుకి కలవగానే ఆన్, కారు ఆపి దిగగానే ఆఫ్, మధ్యలో ఊహలు లేవు. దీనిలోనూ ఒక లోటు ఉంది. నిలిపి ఉన్న కారులో కూర్చుని ఎవరికోసమో ఎదురుచూస్తున్నప్పుడు కూడా మీరు డ్రైవింగ్‌లోనే ఉన్నట్టు లెక్క. ఇంకొకటి, ఇంట్లో ఇద్దరి ఫోన్లూ ఆ కారుకి జోడించి ఉంటే, నడిపేవాళ్ళ ఫోన్ కాకుండా పక్క సీట్లో ఉన్నవాళ్ళ ఫోన్ ముందు కలిసిపోవచ్చు. అప్పుడు నడపనివాళ్ళ ఫోన్ జవాబులు పంపుతుంది, నడిపేవాళ్ళ ఫోన్ మాత్రం హాయిగా మోగుతూ ఉంటుంది.

ఇక జవాబు సంగతికి వద్దాం. Auto-Reply లోపలికి వెళ్తే ఎవరికి పంపాలో అడుగుతుంది: No One, Recents, Favorites, All Contacts. ఆ కిందే పంపాల్సిన వాక్యం ఉంటుంది, మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. ఈ నాలుగింట్లో ఒకటి ఎంచుకోవడం సులువుగా కనిపిస్తుంది కానీ అసలు గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

Favorites అంటే ఫోన్ యాప్‌లో నక్షత్రం గుర్తు కింద ఉండే జాబితా. ఆ జాబితాని చివరిసారి ఎప్పుడు చూశారో గుర్తుందా? చాలామంది ఫోన్లలో అది ఖాళీగా ఉంటుంది, లేకపోతే పాత ఫోన్ నుంచి మోసుకొచ్చిన రెండు మూడు పేర్లు ఉంటాయి. జాబితా ఖాళీగా ఉండి మీరు Favorites ఎంచుకుంటే సెట్టింగ్ ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది, జవాబు మాత్రం ఒక్కరికీ పోదు. ఎర్రర్ ఏమీ రాదు, హెచ్చరికా రాదు. ఆటో రిప్లై పనిచేయడం లేదని ఎవరైనా అంటే నేను ముందు చూడమనేది ఈ జాబితానే.

All Contacts పెడితే పీడా పోతుంది కదా అనిపించొచ్చు. నాకైతే అది పెద్దగా నచ్చదు. మీ కాంటాక్ట్స్‌లో ఎప్పుడో ఒకసారి పనికి పిలిచినవాళ్ళు, ఏదో అమ్మకానికి పెట్టినప్పుడు మాట్లాడినవాళ్ళు, పేరు చూస్తే గుర్తురానివాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళలో ఎవరు మెసేజ్ పెట్టినా, మీరు ఇప్పుడు ఇంట్లో లేరని, దారిలో ఉన్నారని మీ ఫోనే చెప్పేస్తుంది. అది ఎవరికి తెలియాలో మీరు నిర్ణయించుకోవాలి. అందుకే కాస్త ఓపిక చేసుకుని Favorites జాబితాని సరిచేసుకోవడం మేలు: ఇంట్లోవాళ్ళు, పిల్లల బడి, రోజూ పనిమీద మెసేజ్ పెట్టే ఒకరిద్దరు. నంబర్ సేవ్ చేసి లేనివాళ్ళు Favorites లోకీ All Contacts లోకీ ఎందులోకీ రారు, కాబట్టి మీ అన్నయ్య తన కొత్త నంబర్ నుంచి మెసేజ్ పెట్టాడంటే, ఆ నంబర్ మీ దగ్గర లేకపోతే, ఫోన్ దృష్టిలో ఆయన ఎవరో తెలియని మనిషే.

ఇంతకంటే పెద్ద హద్దు ఇంకొకటి ఉంది. ఈ జవాబు మెసేజెస్ యాప్‌కి మాత్రమే. అంటే ఐమెసేజ్‌కి, మామూలు ఎస్ఎంఎస్‌కి. వాట్సాప్‌లో వచ్చినదానికి, టెలిగ్రామ్‌లో వచ్చినదానికి, ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్‌కి డ్రైవింగ్ ఫోకస్ జవాబు పంపదు, పంపలేదు. ఆ యాప్‌ల నోటిఫికేషన్లని మోగకుండా ఆపుతుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. మనలో చాలామందికి కబుర్లు నడిచేది వాట్సాప్‌లోనే కాబట్టి ఆచరణలో జరిగేది ఏంటంటే, మీతో రోజూ మాట్లాడేవాళ్ళకి జవాబు పోదు, ఎప్పుడో ఒకసారి ఎస్ఎంఎస్ పెట్టేవాళ్ళకి పోతుంది. అవతలివాళ్ళ వైపు నుంచి చూస్తే ఇంకా ఇబ్బంది. వాట్సాప్‌లో రెండు టిక్కులు పడతాయి, అంటే మెసేజ్ మీ ఫోన్‌కి చేరింది, మీరు మాత్రం చూడలేదు. మీరు బండి నడుపుతున్నారన్న మాట అక్కడ ఎక్కడా కనిపించదు.

ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి ఐమెసేజ్ అయితే ఒక చిన్న అదనపు సాయం ఉంది. మీరు Focus Status పంచుకోవడానికి ఒప్పుకుని ఉంటే, అవతలి మనిషికి చాట్ అడుగున మీరు నోటిఫికేషన్లు ఆపుకున్నారని చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది, పక్కన Notify Anyway అని కూడా వస్తుంది. అది ఏ ఫోకస్ అన్నది మాత్రం చెప్పదు. నిద్రా, ఆఫీసు పనా, డ్రైవింగా అన్నది వాళ్ళు ఊహించుకోవాల్సిందే. డ్రైవింగ్ అని స్పష్టంగా తెలిసేది ఆటో రిప్లై వాక్యంతోనే.

ఆ వాక్యం గురించి కూడా కొంచెం మాట్లాడుకోవాలి, ఎందుకంటే దీన్ని తెలుగులో రాసుకోవచ్చు, రాసుకుంటే బాగుంటుంది కూడా, కానీ ఎస్ఎంఎస్‌కి ఒక పాత నియమం ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే ఒక ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగులాంటి లిపి ఒక్క అక్షరం వచ్చినా మొత్తం మెసేజ్ వేరే పద్ధతిలోకి మారిపోయి ఒక ఎస్ఎంఎస్‌కి 70 మాత్రమే పడతాయి. పైగా ఈ లెక్కలో గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్నా ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "డ్రై" అని మనం ఒక్క అక్షరంలా చదివేది అక్కడ నాలుగు: డ, పొల్లు, ర, ఐత్వం. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకి 67 చొప్పున, టెలికాం కంపెనీ ఒక్కో ముక్కని ఒక్కో ఎస్ఎంఎస్‌గా లెక్కేసుకుంటుంది. మీ ప్లాన్‌లో ఎస్ఎంఎస్‌లకి డబ్బు పడేట్టయితే, లేదా రోజుకి ఇన్నే అని హద్దు ఉంటే, ఈ తేడా తెలుస్తుంది. ఐమెసేజ్‌గా వెళ్ళినదానికి ఈ బాధ లేదు, అది ఇంటర్నెట్ మీద పోతుంది.

70 లోపల సరిపోయే వాక్యం ఒకటి ఇదిగో:

```
ఇప్పుడు బండి నడుపుతున్నాను. ఆగాక చూస్తాను. అత్యవసరమైతే ఫోన్ చేయండి
```

ఖాళీలు, చుక్కలతో కలిపి ఇది 66. ఒక్క ఎస్ఎంఎస్‌లో పోతుంది. అయితే చివరి మాట ఒకసారి చూడండి, "ఫోన్ చేయండి" అన్నాం. ఫోన్ చేస్తే మోగుతుందా మరి? అది మీ కారులో బ్లూటూత్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి ఈ వాక్యం కాపీ చేసుకునేముందు కాల్స్ ఏమవుతాయో తెలుసుకోవాలి.

కాల్స్‌కి నియమం వేరు. ఫోన్ కారు బ్లూటూత్‌కో, కార్‌ప్లేకో, చేతులు వాడనక్కర్లేని వేరే పరికరానికో కలిసి ఉంటే కాల్స్ వస్తాయి, స్టీరింగ్ మీద బటన్ నొక్కి మాట్లాడొచ్చు. అలా ఏదీ కలిసి లేకపోతే కాల్ మోగదు. నిశ్శబ్దంగా వచ్చి, వాయిస్‌మెయిల్ ఉంటే అందులోకి పోయి, లేకపోతే మిస్డ్ కాల్‌గా మిగిలిపోతుంది. ఏది జరిగినా ఆటో రిప్లై మెసేజ్ మాత్రం కదలదు, ఎందుకంటే అది మెసేజ్‌కి స్పందించేలా కట్టినది, కాల్ దాని లెక్కలో లేదు. కాల్ వచ్చినప్పుడు తెరమీద కనిపించే "మెసేజ్‌తో జవాబివ్వు" అనే ఎంపికతో దీన్ని కలిపేసుకుని గందరగోళపడేవాళ్ళు ఎక్కువ. అది వేరే విషయం, దానికి మీరు ఫోన్ చేతిలోకి తీసుకుని, ఎంపిక చూసి, నొక్కాలి. బండి నడుపుతూ చేయకూడని పని సరిగ్గా అదే.

ఇదంతా ఒక ఉదాహరణలో పెట్టి చూద్దాం. ఒకావిడ సాయంత్రం 7 గంటలకి బయలుదేరి గంటసేపు కారు నడపాలి. కారు పాతది, బ్లూటూత్ లేదు. ఫోకస్ Automatically మీద ఉంది, ఆటో రిప్లై Favorites కి పెట్టింది, అందులో అమ్మ, నాన్న, అన్నయ్య ఉన్నారు. వాక్యం పైన రాసినదే.

7:02కి ఆఫీసులో తోటి ఉద్యోగి ఎస్ఎంఎస్ పెట్టాడు. బండి ఇంకా వీధి మలుపులోనే ఉంది, ఫోకస్ ఆన్ అవ్వలేదు, ఫోన్ మామూలుగా మోగింది. 7:10కి నాన్న ఎస్ఎంఎస్ పెట్టారు, ఆయనది ఐఫోన్ కాదు, అయినా జవాబు ఎస్ఎంఎస్‌గా ఆయనకి చేరింది. అవతల ఏ ఫోన్ ఉన్నా ఫర్వాలేదన్నమాట. 7:15కి తోటి ఉద్యోగి మళ్ళీ మెసేజ్ పెట్టాడు. ఈసారి ఫోకస్ ఆన్‌లోనే ఉంది, ఫోన్ మోగలేదు, కానీ ఆయన Favorites లో లేడు కాబట్టి జవాబు కూడా పోలేదు. ఆయన దృష్టిలో ఈవిడ చదివి పట్టించుకోలేదు. 7:20కి అన్నయ్య వాట్సాప్‌లో "ఎక్కడున్నావే" అని అడిగాడు. Favorites లో ఉన్నాడు, అయినా వాట్సాప్ కాబట్టి జవాబు లేదు.

7:25కి అమ్మ ఫోన్ చేసింది. బ్లూటూత్ లేదు కాబట్టి కారులో ఏమీ వినిపించలేదు. అమ్మకి మాత్రం రింగ్ వినిపించింది, ఎత్తలేదు. పక్కనే ఉన్న నాన్నకి పదిహేను నిమిషాల కింద "అత్యవసరమైతే ఫోన్ చేయండి" అని మెసేజ్ వచ్చి ఉంది. ఫోన్ చేయమని తనే చెప్పి, చేస్తే ఎత్తడం లేదు. ఇక అక్కడి నుంచి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఫోన్ పొరపాటు ఏదీ చేయలేదు, ప్రతి చోటా తన నియమం ప్రకారమే నడుచుకుంది. ఈవిడ రాసిన వాక్యానికీ ఆ నియమాలకీ పొత్తు కుదరలేదు. బ్లూటూత్ లేని కారులో ఆ చివరి మాట రాయకూడదు. బ్లూటూత్ ఉంటే అదే మాట చక్కగా పనిచేసేది, అమ్మ కాల్ కారు స్పీకర్‌లో మోగేది.

మరి బ్లూటూత్ లేనప్పుడు నిజంగా అత్యవసరమైతే దారి ఏంటి? ఒకటి ఫోనే ఇస్తుంది. ఆటో రిప్లై వెళ్ళాక దాని వెనకాలే ఇంకో మాట కూడా ఫోన్ తనే పంపుతుంది: నాకు నోటిఫికేషన్లు రావడం లేదు, ఇది అర్జెంట్ అయితే urgent అని రిప్లై ఇవ్వండి అని దాని సారాంశం. అవతలి మనిషి ఆ ఒక్క మాట టైప్ చేసి పంపితే ఆ మెసేజ్ నోటిఫికేషన్ ఫోకస్‌ని దాటుకుని మోగుతుంది. వినడానికి బాగుంది కానీ ఇది పనిచేయాలంటే అవతలివాళ్ళు ఆ రెండో మెసేజ్ చదవాలి, ఏం చేయమంటుందో అర్థం చేసుకోవాలి, ఫోన్ ఇంగ్లీషులో ఉంటే ఆ ఇంగ్లీషు మాటని అలాగే టైప్ చేయాలి. తెలుగు లిపిలో "అర్జెంట్" అని రాస్తే సరిపోతుందని లెక్కలు వేసుకోవద్దు. పెద్దవాళ్ళకైతే ముందే కూర్చోబెట్టి ఒకసారి చేయించి చూపించాలి, ఎందుకంటే కంగారులో ఉన్న మనిషి, పైగా ఇంగ్లీషులో వచ్చిన మెసేజ్‌ని, ఏదో కంపెనీ ప్రకటన అనుకుని పక్కన పడేసే అవకాశమే ఎక్కువ. ఇంకో మాట, ఇది కూడా మెసేజ్ దారే. ఫోన్ మాత్రమే చేసే అమ్మకి ఈ తలుపు అసలు కనిపించదు, ముందు ఆవిడ ఒక ఎస్ఎంఎస్ పెడితేనే కనిపిస్తుంది.

రెండో దారి వెంటవెంటనే చేసే కాల్. ఫోకస్‌లో People దగ్గర ఎవరి కాల్స్ రానివ్వాలో చెప్పుకోవచ్చు, Allow Repeated Calls అని కూడా ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఒకే మనిషి మూడు నిమిషాల్లోపు రెండోసారి చేసిన కాల్‌ని ఫోన్ నిశ్శబ్దం చేయదు. డ్రైవింగ్ ఫోకస్‌కి బ్లూటూత్ నియమం కూడా తోడవుతుంది కాబట్టి మీ ఫోన్‌లో, మీ ఐఓఎస్‌లో ఇది ఎలా పనిచేస్తుందో నిలిపిన బండిలో ఒకసారి చేసి చూసుకున్నాకే ఇంట్లోవాళ్ళకి "రెండుసార్లు చేయండి" అని చెప్పండి.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చేది, తెలిసినవాళ్ళు తక్కువ. కాంటాక్ట్స్‌లో అమ్మ పేరు తెరిచి, Edit నొక్కి, Ringtone లోకి వెళ్తే పైన Emergency Bypass అనే స్విచ్ ఉంటుంది. అది ఆన్ చేస్తే ఆ ఒక్క మనిషి కాల్ ఏ ఫోకస్‌లో ఉన్నా, ఫోన్ సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది. మెసేజ్‌కి కావాలంటే Text Tone లో అదే పేరుతో ఇంకొకటి విడిగా ఉంటుంది. దీని అందం ఏంటంటే అవతలివాళ్ళు ఏమీ నేర్చుకోనక్కర్లేదు, మామూలుగా ఫోన్ చేస్తే చాలు. ఇబ్బంది కూడా అదే. అమ్మ కూర ఏం వండాలో అడగడానికి చేసినా మోగుతుంది, అర్ధరాత్రయినా, మీటింగ్‌లో ఉన్నా మోగుతుంది. అందుకే ఒకరిద్దరికి మించి పెట్టకూడదు, పెడితే ఫోకస్ ఉండి లాభం లేదు. మోగినా సరే ఎత్తడానికి బండి పక్కకి ఆపాల్సిందే, అది ఏ సెట్టింగూ తీర్చే సమస్య కాదు.

ఇలా చూస్తే ఆవిడ సెటప్ ఎలా మార్చుకోవాలో తేలిపోతుంది. అమ్మకి Emergency Bypass. తోటి ఉద్యోగిని Favorites లోకి చేర్చడం, లేదా ఆయన్ని వదిలేయడం, అది ఆవిడ ఇష్టం. వాట్సాప్‌కి చేయగలిగింది ఏమీ లేదు, బయలుదేరేముందు అన్నయ్యకి "గంటసేపు దారిలో ఉంటాను" అని ఒక ముక్క పెట్టేయడం తప్ప. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో బయట ఉన్నామని చెప్పే ఆటో మెసేజ్ ఉంది కానీ అది డ్రైవింగ్‌ని చూసి ఆన్ అయ్యేది కాదు, వేళలు పెట్టుకుని నడిపేది, ఇంటి వాడకానికి అంత తంటా అక్కర్లేదు. వాక్యం చివర "ఫోన్ చేయండి" తీసేసి, ఎన్నింటికి చేరతానో రాయడం ఇంకా మేలు, అయితే ఆ వాక్యం ప్రతిసారీ మార్చుకోవాలి, లేకపోతే నిన్నటి టైమ్ ఇవాళ పోతుంది. నా మటుకు నేను టైమ్ రాయను.

ఇంకొక హద్దు సిగ్నల్. జవాబు పంపేది మీ ఫోనే, ఎక్కడో సర్వర్ కాదు. సొరంగంలోనో, కొండ దారిలోనో సిగ్నల్ లేకపోతే ముందు మెసేజే మీ ఫోన్‌కి రాదు, కాబట్టి జవాబూ పోదు. సిగ్నల్ వచ్చాక పాత మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా దిగితే జవాబులు కూడా అప్పుడే బయలుదేరతాయి. అవతలివాళ్ళకి నలభై నిమిషాల తర్వాత "ఇప్పుడు బండి నడుపుతున్నాను" అని వస్తే కొంచెం వింతగానే ఉంటుంది. ఫోన్ స్విచాఫ్ అయినా, చార్జింగ్ అయిపోయినా అంతే, ఫోన్ లేస్తేగానీ జవాబు లేదు.

ఇది మిమ్మల్ని ఫోన్ ముట్టకుండా ఆపుతుందా అంటే, ఆపదు. I'm Not Driving అని నొక్కినవాళ్ళు నిజంగా నడపడం లేదా అని ఫోన్ ఎవర్నీ అడగదు. కొత్తగా లైసెన్స్ తీసుకున్న పిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్ళు Screen Time లోని Content & Privacy Restrictions లోకి వెళ్ళి డ్రైవింగ్ ఫోకస్ సెట్టింగ్స్ మార్చకుండా తాళం వేయొచ్చు, అంతవరకే.

ఆండ్రాయిడ్ సంగతి రెండు మాటల్లో. పిక్సెల్ ఫోన్లలో Driving mode ఉంది, బ్లూటూత్‌ని బట్టో కదలికని బట్టో ఆన్ అవుతుంది, అప్పుడు Do Not Disturb పెట్టగలదు, లేదా ఆండ్రాయిడ్ ఆటో తెరవగలదు. మోగకుండా ఆపడం వేరు, జవాబు పంపడం వేరు. ఆండ్రాయిడ్ ఆటోలో మెసేజ్ వచ్చినప్పుడు ముందే రాసిపెట్టుకున్న "డ్రైవింగ్‌లో ఉన్నాను" లాంటి జవాబుని ఒక్క నొక్కుతో పంపొచ్చు, కానీ నొక్కాల్సింది మీరే. మిగతా కంపెనీల ఫోన్లలో ఈ మెనూలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, కాబట్టి ఐఫోన్ వాడే స్నేహితుడు చెప్పిన దారి మీ ఫోన్‌లో వెతికి దొరక్కపోతే ఆశ్చర్యపోకండి.

మళ్ళీ ఐఫోన్‌కి వస్తే, పెట్టుకున్నది పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి రోడ్డు ఎక్కనక్కర్లేదు. ఇంట్లో కూర్చుని కంట్రోల్ సెంటర్‌లో డ్రైవింగ్ ఫోకస్‌ని చేత్తో ఆన్ చేయండి. Favorites లో ఉన్న ఒకరి ఫోన్ తీసుకుని దాన్నుంచి ముందు ఒక ఎస్ఎంఎస్ పెట్టండి, జవాబు ఎన్ని ముక్కలుగా వచ్చిందో, దాని వెనకాల urgent మాట వచ్చిందో చూడండి. అదే ఫోన్ నుంచి urgent అని పంపి మీ ఫోన్ మోగిందో లేదో వినండి. తర్వాత వాట్సాప్‌లో ఒకటి పెట్టండి, ఏమీ రాదు, రాకూడదు కూడా. ఆ తర్వాత ఫోన్ చేయండి, ఒకసారి, మళ్ళీ మూడు నిమిషాల్లోపు ఇంకోసారి. బ్లూటూత్ ఉన్న కారైతే ఇదే వరసని నిలిపి ఉంచిన కారులో కూర్చుని మళ్ళీ చేయండి, కాల్ దగ్గర ఫలితం మారుతుంది. చివరగా Favorites లో లేని ఒకరి నంబర్ నుంచి ఒక మెసేజ్. అయిపోయాక ఫోకస్ ఆఫ్ చేయడం మర్చిపోకండి, లేకపోతే సోఫాలో కూర్చునే ఊరందరికీ బండి నడుపుతున్నానని చెప్తూ ఉంటారు.